పార్ట్‌నర్ కంపెనీ రోజూ పంపే ఫైల్ ఇంకా ముందే కావాలంటే ఉత్తరం ఎలా రాయాలి

బండి లోన్లు ఇచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీని తీసుకుందాం. ఆఫీసు విజయవాడలో, లోన్లు తీసుకున్నవాళ్లు గుడివాడ, తెనాలి, నూజివీడు చుట్టుపక్కల ఊళ్లలో. చాలామంది నెలవారీ వాయిదాను తమ ఊళ్లోని రీఛార్జ్ షాపులోనో కిరాణా కొట్టులోనో నగదుగా కడతారు. ఆ షాపులన్నింటినీ నడిపేది వేరే కంపెనీ. అదే మన పార్ట్‌నర్. నిన్న ఎవరెవరు ఎంత కట్టారో ఒక ఫైల్‌లో పెట్టి వాళ్లు రోజూ పొద్దున పంపిస్తారు. ఆ ఫైల్ 9:15కి వస్తుంది. మన కాలింగ్ టీమ్ 8 గంటలకే ఫోన్లు మొదలుపెడుతుంది.

ఆ గంటంపావులో జరిగేది ఇది. ఒకాయన నిన్న సాయంత్రం 7 గంటలకు గుడివాడ షాపులో డబ్బు కట్టాడు. రశీదు తీసుకున్నాడు, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. పొద్దున 8:10కి మన దగ్గర్నుంచి ఫోన్: "మీ వాయిదా ఇంకా కట్టలేదండీ." ఆయనకి కోపం రాక ఏమవుతుంది? పక్కన ఇంట్లోవాళ్లు వింటుంటే అది పరువు సమస్య కూడా. ఫోన్ చేసిన అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె ముందున్న లిస్టులో ఆయన పేరు బాకీగానే ఉంది.

కాబట్టి ఫైల్ ముందే పంపమని పార్ట్‌నర్‌ని అడగాలి. "దయచేసి వీలైనంత త్వరగా పంపండి" అని ఒక మెయిల్ కొడితే "తప్పకుండా చూస్తాం" అని జవాబొస్తుంది, ఆ తర్వాత ఏమీ మారదు. ఫైల్ మనకి సరిగ్గా ఎన్ని గంటలకు కావాలి, అది వాళ్ల దగ్గర దేనికోసం ఆగి ఉంది, ముందే ఇస్తే దాంట్లో ఏమి లేకపోయినా మనం సర్దుకుంటాం అనే మూడూ తెలిశాకే ఉత్తరం రాయాలి. పనిలో ఎక్కువ భాగం రాయడానికి ముందే ఉంటుంది. అందుకే ఇక్కడ కూడా ఆ భాగానికే ఎక్కువ చోటిస్తున్నాను.

1. ముందు మన వైపు చూసుకోండి

"ఫైల్ 9:15కి వస్తోంది" అన్నది ఎవరు చెప్పారు? చాలా ఆఫీసుల్లో ఇది ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పిన మాట. నిజానికి ఫైల్ 7 గంటలకే ఫోల్డర్‌లో పడి ఉంటుంది, దాన్ని తీసుకునే మన జాబ్‌ని, అంటే చెప్పిన టైముకి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్‌ని, 9:15కి పెట్టి ఉంటారు. అలాంటప్పుడు పార్ట్‌నర్‌కి ఉత్తరం రాస్తే వాళ్లు తమ లాగ్ తీసి మనకే చూపిస్తారు. ఆ తర్వాత మనం ఏది అడిగినా దాని బరువు తగ్గిపోతుంది.

ఫైల్ మన సర్వర్‌లోని ఫోల్డర్‌లోకే వస్తుంటే, కొలవడానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. లినక్స్ సర్వర్ అయితే ఐదు నిమిషాలకోసారి ఫోల్డర్‌లో ఏముందో రాసిపెట్టే ఈ ఒక్క లైనుని క్రాన్‌ట్యాబ్‌లో పెడితే చాలు:

```
*/5 * * * * (date; ls -l --time-style=full-iso /data/in/collections) >> /home/ops/coll_seen.log 2>&1
```

ఈ లాగ్‌లో రెండు సమయాలు కనిపిస్తాయి. ఒకటి `date` ఇచ్చే సమయం, అంటే మనం చూసిన క్షణం. రెండోది ఫైల్ పక్కన ఉండే సమయం. ఈ రెండో దాన్ని పూర్తిగా నమ్మకండి. పంపేటప్పుడు పాత సమయాన్ని అలాగే ఉంచే సెట్టింగ్ పెట్టుకుంటే, ఫైల్ వాళ్ల దగ్గర తయారైన సమయమే ఇక్కడా కనిపిస్తుంది. మనకి కావాల్సింది ఫైల్ మొదటిసారి ఎప్పుడు కనిపించింది, దాని సైజు పెరగడం ఎప్పుడు ఆగింది అన్నవే. సైజు ఇంకా పెరుగుతోందంటే ఫైల్ సగమే వచ్చిందన్నమాట.

ఒక పూర్తి నెల కొలవండి. వారం సరిపోదు. వాయిదా తేదీ 5 అయితే 1 నుంచి 7 వరకు జనం ఎక్కువగా కడతారు, ఫైల్ పెద్దదవుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. ఆదివారాలు, బ్యాంకు సెలవుల మర్నాడు కూడా విడిగా చూడండి. మన ఉదాహరణలో లాగ్ ఇలా చెప్పిందనుకుందాం: మామూలు రోజుల్లో 9:10, 9:20 మధ్య, నెల మొదటి వారంలో 10 దాటాక. ఉత్తరంలో ఈ రెండూ రాయాలి. ఒక్క సగటు అంకె ఇస్తే అసలు బాధ ఉన్న రోజులు అందులో కలిసిపోయి కనపడకుండా పోతాయి.

2. ఎన్ని గంటలకు కావాలో వెనక నుంచి లెక్కేయండి

పొద్దున 8 గంటలు అన్న అంకె మన ఇష్టం కొద్దీ పెట్టుకున్నది కాదు. బాకీ వసూలు కోసం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అందుకే చాలా కంపెనీల్లో కాలింగ్ 8కే మొదలవుతుంది. జనం పొలానికో పనికో వెళ్లకముందు దొరికే సమయం కూడా అదే.

8 గంటల నుంచి వెనక్కి వద్దాం. ఫోన్ల లిస్టు 7:45కి సిద్ధంగా ఉండాలి, టీమ్ లీడర్ ఒకసారి కంటితో చూసుకోవాలి. లిస్టుని ఫోన్లు కలిపే డయలర్‌లోకి ఎక్కించడానికి 15 నిమిషాలు, అంటే 7:30. ఫైల్‌లోని లోన్ నంబర్లని మన బాకీల లిస్టుతో పోల్చి కట్టినవాళ్లని తీసేయడానికి అరగంట, అంటే 7:00. ఫైల్ ఖాళీగా వచ్చినా, సగమే వచ్చినా వాళ్లకి ఫోన్ చేసి మళ్లీ తెప్పించుకోవడానికి ఇంకో అరగంట. 6:30 తేలింది.

ఆ చివరి అరగంట గురించి ఒక మాట. చాలామంది దాన్ని వదిలేసి 7:00 అడుగుతారు. ఫైల్ ఒక్కరోజు తేడాగా వస్తే ఆ రోజు కాలింగ్ మొత్తం పాత లిస్టు మీదే నడుస్తుంది. అలాగని "ఎందుకైనా మంచిది, 5 అడుగుదాం, 6:30 ఇస్తారు" అని బేరం ఆడకండి. అవతలివాళ్లు ఆ 5 గంటల కోసం రాత్రి షిఫ్ట్ మనిషిని పెట్టాలేమోనని లెక్కలు వేసుకుని నేరుగా కుదరదనేస్తారు. నిజంగా కావాల్సిన సమయం, అది ఎలా వచ్చిందో లెక్కతో సహా చూపిస్తే అవతలి ఇంజినీర్ కూడా దాన్ని గౌరవిస్తాడు.

ఇంకో అంకె కూడా తీసిపెట్టుకోండి. 8 నుంచి ఫైల్ ఎక్కేదాకా చేసిన ఫోన్ల లాగ్ తీసుకుని, తర్వాత వచ్చిన ఫైల్‌లోని లోన్ నంబర్లతో పోల్చండి. రెండింట్లోనూ ఉన్నవే, అప్పటికే కట్టేసినవాళ్లకి మనం చేసిన ఫోన్లు. ఉదాహరణకి ఒక మామూలు రోజున ఆ సమయంలో 700 ఫోన్లు వెళ్తే అందులో 45 ఇలాంటివని తేలిందనుకుందాం. ఉత్తరంలో మన కష్టం గురించి పేరాలు రాయాల్సిన పని ఈ ఒక్క అంకెతో తప్పిపోతుంది.

3. అగ్రిమెంట్ తీసి చదవండి

ఫైల్ ఎప్పటిలోగా ఇవ్వాలన్నది సాధారణంగా అగ్రిమెంట్ వెనక ఉండే అనెక్జర్‌లో రాసి ఉంటుంది. "మర్నాడు ఉదయం 10 గంటల లోపు" అని ఉంటే, 9:15కి పంపుతున్నవాళ్లు మాట తప్పడం లేదు. మాట కంటే ముందే ఇస్తున్నారు. అప్పుడు మన ఉత్తరం విన్నపం అవుతుంది. "ఆలస్యం", "లోపం", "సరిచేయండి" లాంటి మాటలు అందులో ఉండకూడదు. అదే అనెక్జర్‌లో 8 అని ఉండి 9:15కి వస్తుంటే ఆ ఉత్తరం తీరే వేరు. క్లాజ్ నంబర్ రాసి, తేదీలతో ఆలస్యాలు చూపిస్తే చాలు. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది మొదటి రకం గురించే. ఎక్కువగా ఎదురయ్యేదీ, రాయడం కష్టమైనదీ అదే.

4. రాసే ముందు ఫోన్ చేయండి: ఫైల్ దేనికోసం ఆగుతోంది?

మొత్తం పనిలో కీలకం ఇదే. పార్ట్‌నర్ తరఫున మనతో రోజూ మాట్లాడే ఆపరేషన్స్ వ్యక్తికి ఫోన్ చేసి, "ఒక అధికారిక విన్నపం పంపబోతున్నామండీ, అంతకంటే ముందు మీ వైపు ఫైల్ ఎలా తయారవుతుందో తెలుసుకుందామని" అని మొదలుపెట్టండి. ఉత్తరం ఒక్కసారిగా వాళ్ల మేనేజర్ మీద పడితే ఈ మనిషి ఇరుకునపడతాడు. ముందే చెబితే లోపల మన తరఫున మాట్లాడేది కూడా ఆయనే.

అడగాల్సింది ఒకటే: "ఫైల్ తయారీ ఎన్ని గంటలకు మొదలవుతుంది, మొదలయ్యాక దేనికోసమైనా ఆగుతుందా?" జవాబు సాధారణంగా మూడు రకాల్లో ఏదో ఒకటిగా ఉంటుంది.

మొదటిది, ఉత్త టైమింగ్. జాబ్‌ని ఎవరో 9కి పెట్టారు, కారణం ఎవరికీ గుర్తులేదు. ఇది మనకి అదృష్టం. ఒక లైను మారిస్తే సరిపోతుంది.

రెండోది, బ్యాంకు నుంచో షాపుల దగ్గర్నుంచో రావాల్సిన ఇంకో లిస్టు కోసం ఆగడం. ఆ లిస్టు 8:30కి వస్తుంటే వాళ్లని 6:30కి పూర్తి ఫైల్ అడగడం అర్థంలేని పని.

మూడోది, ఒక మనిషి చూసి సరే అనాలి. జాబ్ తెల్లవారుజామునే అయిపోతుంది. క్యాన్సిల్ అయిన రశీదులు, రెండుసార్లు పడ్డవి ఉంటే తీసేయడానికి ఒక ఉద్యోగి 9కి ఆఫీసుకొచ్చి, మొత్తం సరిపోయిందో లేదో చూసి, అప్పుడు పంపుతారు.

మన ఉదాహరణలో మూడోదే అనుకుందాం. ఆపరేషన్స్ ఆయన చెప్పింది ఇది: "జాబ్ 5:30కి మొదలై ఆరు లోపే అయిపోతుందండీ. మా వాళ్లు వచ్చి చెక్ చేశాకే రిలీజ్ చేస్తాం." ఈ 5:30 అన్న అంకె వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. మన సమయం, ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే యూటీసీ సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే దాని అర్ధరాత్రి మనకి తెల్లవారుజాము 5:30. అంటే వాళ్ల సర్వర్‌కి "రోజు" అంటే మన 5:30 నుంచి మర్నాడు 5:30 వరకు కావచ్చు. ఏదైనా పాత ఫైల్ తెరిచి అందులో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చివర ఉన్న చెల్లింపుల సమయాలు చూడండి. పొద్దున 5:30కి ముందు కట్టినవాళ్లు తక్కువే కాబట్టి ఒక్క ఫైల్‌తో తేలదు. కొన్ని ఫైళ్లు చూస్తే తెలిసిపోతుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, మన మాట విని వాళ్లు జాబ్‌ని రాత్రి 1 గంటకి జరిపారనుకోండి. జూన్ 19 రాత్రి 1 గంట అంటే సర్వర్ గడియారంలో ఇంకా జూన్ 18 రాత్రి 7:30. దాని లెక్కలో "నిన్న" అంటే జూన్ 17. కాబట్టి ఫైల్‌లో వచ్చేది మన జూన్ 17 పొద్దున 5:30 నుంచి జూన్ 18 పొద్దున 5:30 వరకు జరిగిన చెల్లింపులు. జూన్ 18 పగలంతా కట్టినవాళ్లు అందులో ఉండరు. ఫైల్ ముందే వస్తుంది, వరసల సంఖ్య కూడా మామూలుగానే కనిపిస్తుంది, కానీ లోపల ఒక రోజు పాత సమాచారం. ఎవరికీ అనుమానం రాదు, తప్పుడు ఫోన్లు మాత్రం ఇదివరకటి కంటే పెరుగుతాయి. అందుకే ఉత్తరంలో "ముందే" అని మాత్రమే అడగకుండా, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు చెల్లింపులు ఉండాలో కూడా రాయాలి.

5. ఏమి తగ్గినా సర్దుకుంటామో తేల్చుకోండి

మనిషి చెక్ చేయడం వల్ల ఆగుతోందని తెలిసింది. ఇప్పుడు మనం "ఆ మనిషిని 6కి రమ్మనండి" అని అడగొచ్చు. వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఎక్కువ రోజులు నడవదు. దాని బదులు మనకి ఆ 6:30 ఫైల్ ఏ పనికి కావాలో ఆలోచించండి. ఫోన్ల లిస్టులోంచి కట్టినవాళ్లని పక్కన పెట్టడానికి. అంతే కదా? లోన్ ఖాతాలో డబ్బు జమ వేయడానికి 6:30 అవసరం లేదు, అది 10 గంటలకు జరిగినా నష్టం లేదు.

అలాగైతే రెండు ఫైళ్లు అడగొచ్చు. 6:30కి ఒక ముందస్తు ఫైల్, చెక్ చేయకుండానే, నాలుగు కాలమ్‌లు మాత్రమే: లోన్ నంబర్, రశీదు నంబర్, మొత్తం, కట్టిన సమయం. ఎప్పట్లాగే 9:15కి చెక్ చేసిన పూర్తి ఫైల్. ముందస్తు ఫైల్‌లో ఉన్నవాళ్లని ఆ పొద్దున ఫోన్ల లిస్టులోంచి ఆపుతాం. జమ మాత్రం పూర్తి ఫైల్ వచ్చాకే.

ముందస్తు ఫైల్‌లో తప్పులుంటే ఏమవుతుంది? ఒక రశీదు తర్వాత క్యాన్సిల్ అయిందనుకుందాం. ఆయన పేరు మొదటి ఫైల్‌లో ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. ఆయనకి 8కి వెళ్లాల్సిన ఫోన్ 10కి వెళ్తుంది. మనకి జరిగే నష్టం రెండు గంటలే. అదే ముందస్తు ఫైల్‌ని చూసి ఖాతాలో జమ వేసేస్తే, తర్వాత దాన్ని వెనక్కి తీయాలి, ఆయనకి రెండు మెసేజ్‌లు వెళ్తాయి, లెక్కలు గందరగోళమవుతాయి. ఈ గీత మన టీమ్‌లో అందరికీ స్పష్టంగా ఉండాలి. పార్ట్‌నర్‌కి కూడా రాసి ఇవ్వాలి. చెక్ చేయని డేటా ఇవ్వడానికి వాళ్లు భయపడేది సరిగ్గా దీనికే. రేపు లెక్క తేడా వస్తే తమ మీదికి వస్తుందేమోనని.

6. ఇప్పుడు ఉత్తరం

ఎవరికి రాయాలి? టు లో వాళ్ల పార్ట్‌నర్‌షిప్ మేనేజర్, సీసీలో మనం ఫోన్‌లో మాట్లాడిన ఆపరేషన్స్ వ్యక్తి, మన వైపు నుంచి టెక్ లీడ్. వాళ్ల డైరెక్టర్లనీ మన డైరెక్టర్లనీ మొదటి మెయిల్‌లోనే కలపకండి. అది ఫిర్యాదులా కనిపిస్తుంది. మెయిల్ మీ ఆఫీసులో ఇంగ్లీషులోనే వెళ్తుంది కాబట్టి, ఇక్కడ ఇస్తున్న వరసని అలాగే ఉంచి మీ మాటల్లో పెట్టుకోండి.

> విషయం: రోజువారీ వసూళ్ల ఫైల్: ఉదయం 6:30కి ముందస్తు ఫైల్ కోసం విన్నపం (జులై 14 నుంచి)
>
> మేనేజర్ గారికి, నమస్కారం.
>
> మీరు రోజూ పంపే వసూళ్ల ఫైల్‌తో పాటు, ఉదయం 6:30కి నాలుగు కాలమ్‌ల ముందస్తు ఫైల్ ఒకటి ఇవ్వగలరా అని అడగడానికి ఈ ఉత్తరం. ఇప్పుడొస్తున్న పూర్తి ఫైల్ సమయం మార్చాల్సిన అవసరం లేదు.
>
> ప్రస్తుతం ఫైల్ మామూలు రోజుల్లో 9:10 నుంచి 9:20 మధ్య, నెల మొదటి వారంలో 10 తర్వాత మాకు అందుతోంది. మొదటి వారం రోజుల్లోని ఆలస్యం గురించి విడిగా మాట్లాడుకుందాం. మిగతా రోజుల్లో అది ఒప్పందంలోని 10 గంటల గడువు లోపే ఉంది. మా కాలింగ్ 8 గంటలకు మొదలవుతుంది. ఈ మధ్య సమయంలో, మీ షాపుల్లో ముందురోజే డబ్బు కట్టిన దాదాపు 45 మందికి రోజూ బాకీ ఫోన్ వెళ్తోంది. వాళ్లలో కొందరు రశీదు పట్టుకుని మీ షాపుకే వస్తున్నారని మీ ఆపరేషన్స్ టీమ్ కూడా చెప్పారు.
>
> ముందస్తు ఫైల్‌లో మాకు కావాల్సినవి: లోన్ నంబర్, రశీదు నంబర్, మొత్తం, కట్టిన సమయం. ముందురోజు ఉదయం 5:30 నుంచి ఆ రోజు ఉదయం 5:30 వరకు, భారత కాలమానం ప్రకారం. మీ చెకింగ్ పూర్తికాకపోయినా ఫర్వాలేదు.
>
> ఈ ఫైల్‌ని ఆ పూట ఫోన్లు ఆపడానికి మాత్రమే వాడతాం. ఖాతాల్లో జమకి, సెటిల్‌మెంట్‌కి, మీ బిల్లులకి పూర్తి ఫైలే ఆధారం. రెండింటి మధ్య తేడాలకు మీ బాధ్యత ఉండదని రాతపూర్వకంగా ఇస్తాం.
>
> 6:30 ఎలా వచ్చిందంటే: 7:45కి లిస్టు సిద్ధం కావాలి, ఎక్కించడానికి 15 నిమిషాలు, పోల్చడానికి 30, ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి 30. 6:30 కుదరకపోతే 7:00 కూడా మాకు ఉపయోగమే. 7:15 దాటితే ఉపయోగం ఉండదు.
>
> జులై 14 నుంచి రెండు వారాలు ట్రయల్‌గా నడిపి చూద్దామని మా కోరిక. ఈ నెల 27 లోగా మీ టెక్ టీమ్‌తో అరగంట కాల్‌కి వీలు చెప్పగలరు.
>
> గత నెల ఫైల్ అందిన సమయాల పట్టిక జతచేశాం.

ఈ ఉత్తరంలో కొన్ని చోట్ల ఆగి చూడండి. అడుగుతున్నది మొదటి వాక్యంలోనే ఉంది. మేనేజర్ ఫోన్‌లో మొదటి రెండు లైన్లు మాత్రమే చదివి టెక్ టీమ్‌కి ఫార్వర్డ్ చేసినా పని మొదలవుతుంది. "ఇప్పుడొస్తున్న పూర్తి ఫైల్ సమయం మార్చాల్సిన అవసరం లేదు" అన్నది దాని వెంటనే ఉంది. ఫైల్ త్వరగా అనగానే వాళ్ల మనసులో మెదిలే మొదటి భయం ఆ మాటతో పోతుంది.

నెల మొదటి వారంలో 10 దాటుతోంది కదా, అది ఒప్పంద ఉల్లంఘన కదా అని మీకు అనిపించొచ్చు. నిజమే. కానీ విన్నపాన్నీ ఫిర్యాదునీ ఒకే ఉత్తరంలో కలిపితే జవాబు మొత్తం ఫిర్యాదు గురించే వస్తుంది. అందుకే అంకెని దాచకుండా పెట్టి, దాని సంగతి వేరే మెయిల్‌కి వదిలేశాం.

"7:15 దాటితే ఉపయోగం ఉండదు" అన్న వాక్యం కొంచెం కటువుగా అనిపించినా ఉంచండి. లేకపోతే ఎంతో కష్టపడి 8:30కి తెచ్చి "చూశారా, ముప్పావు గంట ముందుకు జరిపాం" అంటారు. వాళ్లు పడ్డ శ్రమా వృథా, మనకీ ఏమీ మిగలదు.

షాపులకు జనం వస్తున్నారన్న మాట ఆపరేషన్స్ వ్యక్తి నిజంగా చెబితేనే రాయండి, అది కూడా ఆయన్ని అడిగి. జతచేసే పట్టికలో తేదీ, ఫైల్ పేరు, అందిన సమయం, అంతే. కట్టినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రుజువుగా మెయిల్‌లో పెట్టకండి. అవి వాళ్ల వ్యక్తిగత వివరాలు. సమయం గురించి మాట్లాడటానికి వాటితో పనిలేదు.

7. జవాబు వచ్చాక

"ప్రయత్నిస్తాం" అంటే అది ఇంకా అవును కాదు. మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్నతో తిరిగి రాయండి: "మీ టెక్ టీమ్‌లో దీన్ని ఎవరు చూస్తున్నారు, కాల్ ఏ రోజు పెట్టుకుందాం?" పేరూ తేదీ వస్తే పని కదిలినట్టు.

ఒప్పుకున్నాక కాల్‌లో తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందస్తు ఫైల్‌కి పేరు వేరుగా ఉండాలి, ఉదాహరణకి `PROV_20250714.csv`. పూర్తి ఫైల్ పేరుతోనే వస్తే మన జమ జాబ్ దాన్ని చూసి ఖాతాల్లో వేసేస్తుంది. పేరులోని తేదీ డబ్బు కట్టిన రోజా, ఫైల్ తయారైన రోజా అన్నది కూడా రాసుకోండి. ఫైల్ పూర్తిగా చేరాక `PROV_20250714.done` అని ఒక ఖాళీ ఫైల్ పెట్టమనండి. మన జాబ్ అది కనిపించాకే మొదలవ్వాలి. అప్పుడు సగం ఫైల్‌ని చదివే ప్రమాదం ఉండదు. డేటా ఫైల్ చివరి వరసలో మొత్తం వరసల సంఖ్య, మొత్తం డబ్బు ఉంటే ఇంకా మంచిది.

ట్రయల్ రెండు వారాలూ రోజూ చూడాల్సింది మూడు విషయాలు. ఫైల్‌లో అన్నిటికంటే చివరి చెల్లింపు సమయం నిన్న రాత్రిదేనా? మొన్న రాత్రిదో నిన్న తెల్లవారుజాముదో అయితే ఇందాక చెప్పుకున్న యూటీసీ గోల మొదలైనట్టే. ముందస్తు ఫైల్‌లో లేకుండా పూర్తి ఫైల్‌లో ఉన్న రశీదులు ఎన్ని? ఇవి నాలుగైదు ఉంటే సహజం. వందలు ఉంటే ఏదో ఒక ప్రాంతం షాపుల డేటా 5:30కి సర్వర్‌కి చేరడం లేదని అర్థం. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో షాపు యాప్ రశీదుల్ని దాచిపెట్టుకుని తర్వాత పంపుతుంది. ఆ రశీదులు ఏ ఊళ్లవో చూస్తే తెలిసిపోతుంది. మూడోది, నిన్నటి ఫైల్‌లోని రశీదు నంబర్ ఇవాళ్టి ఫైల్‌లో మళ్లీ వచ్చిందా? వస్తే కటాఫ్, అంటే ఒక రోజు లెక్క ముగిసే సమయం, సరిగా లేక ఒకే చెల్లింపు రెండు రోజుల ఫైళ్లలో పడుతోందన్నమాట.

ఇదంతా బాగుండి కూడా తప్పుడు ఫోన్లు తగ్గకపోతే మన జాబ్ టైమింగ్ చూడండి. ఫైల్ 6:30కే వస్తున్నా, మన వైపు లిస్టు తయారుచేసే జాబ్‌ని ఎవరూ జరపకపోవడం చాలా మామూలు సంగతి.

8. కుదరదంటే

కారణం అడిగి తెలుసుకోండి, కానీ వాదించకండి. కొన్నిసార్లు నిజంగానే కుదరదు. బ్యాంకు లిస్టు లేకుండా ఏ ఫైలూ బయటికి పంపకూడదని వాళ్ల ఆడిట్ నియమం ఉండొచ్చు. అప్పుడు మన వైపే కాలింగ్ వరస మార్చుకోవచ్చు. గత కొన్ని నెలల్లో ఈ పార్ట్‌నర్ షాపుల్లోనే కట్టినవాళ్లు ఎవరో మన దగ్గర ఉంది. వాళ్లందరినీ లిస్టు చివరికి జరిపి, 8 నుంచి ఫైల్ వచ్చేదాకా ఆన్‌లైన్‌లో, బ్యాంకు ఖాతా నుంచి కట్టేవాళ్లకి మాత్రమే ఫోన్లు చేయాలి. ఫైల్ ఎక్కాక మిగతావాళ్లు. దీనివల్ల గుడివాడ, నూజివీడు వైపువాళ్లకి పొద్దున ఫోన్లు ఆలస్యమవుతాయి, కొందరు పనికి వెళ్లిపోతారు. నిన్న కట్టినాయనకి ఇవాళ ఫోన్ చేయడం కంటే అది చాలా నయం.

ట్రయల్ కుదిరితే మాత్రం రెండు వారాల తర్వాత దాన్ని మాట మీద వదిలేయకండి. 6:30 సమయం, కాలమ్‌లు, కటాఫ్, ముందస్తు ఫైల్ దేనికి వాడతాం, దేనికి వాడం అన్నవి అనెక్జర్‌లో ఒక పేజీగా చేర్చి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. 6:45కి కూడా ఫైల్ రాకపోతే మన వైపు ఎవరు, వాళ్ల వైపు ఎవరికి ఫోన్ చేయాలో అదే పేజీలో హోదాతో, డ్యూటీ ఫోన్ నంబర్‌తో సహా ఉండాలి. ఆ నంబర్ ఎవరో ఒక ఉద్యోగి సొంత ఫోన్‌ది అయితే, ఆయన ఉద్యోగం మారిన రోజున ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.